గోథె బి1 మౌఖిక పరీక్షలో జోడీగా ప్రణాళిక వేయడం: మాట ఆగిపోకుండా ఏం చేయాలి?

ప్రశ్న: వచ్చే నెలలో గోథె బి1 జర్మన్ పరీక్ష రాస్తున్నాను. మౌఖిక పరీక్ష మొదటి భాగం సాధన చేసినప్పుడల్లా నేనూ నా స్నేహితురాలూ అన్నింటికీ ‘సరే’ అనుకుని ఒక్క నిమిషంలో ముగించేస్తున్నాం. కాదంటే మొరటుగా ఉంటుందేమోనని భయం. పరీక్షలో జోడీగా వచ్చినవారు అసలు నోరు విప్పకపోతే ఏం చేయాలి?

జవాబు:

మాట త్వరగా అయిపోవడానికి కారణం మీ జర్మన్ కాదు, మీ ఇద్దరి మధ్య తేల్చుకోవలసింది ఏమీ లేకపోవడం. ఈ భాగానికి సుమారు మూడు నిమిషాలు ఉంటుంది. సూచనలు చేయాలి, ఎదుటివారి సూచనకు స్పందించాలి, చివరికి కలిసి నిర్ణయించాలి అని ప్రశ్నపత్రంలోనే ఉంటుంది. ఒకరు చెప్పగానే రెండోవారు ‘గూటె ఇడే’ అంటే స్పందన అక్కడితో సరి.

నేను హైదరాబాద్‌లో ఈ పరీక్ష గట్టెక్కాక, జర్మనీ వెళ్లాలనుకునే కొందరు నర్సులకు సాయంత్రాలు సాధన చేయించాను. అందరూ సన్నాహక సమయమైన పదిహేను నిమిషాలనూ రెండో భాగంలోని ప్రసంగానికే ఖర్చు పెట్టేవారు. అందులో నాలుగైదు నిమిషాలు మొదటి భాగానికి తీసి పెట్టుకోండి. వాక్యాలు రాయకండి. ఇచ్చిన ప్రతి అంశం పక్కన రెండు ప్రత్యామ్నాయాలు, ఒక్కోదానికి ఒక్క ఇబ్బంది రాసుకోండి. అప్పుడు ఎదుటివారు ఏది చెప్పినా మీ దగ్గర రెండోది సిద్ధంగా ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. తోటి విద్యార్థికి ప్రమాదం జరిగి ఆసుపత్రిలో ఉన్నాడు, ఇద్దరూ చూడటానికి వెళ్లాలి. ఎప్పుడు, ఎలా, ఏం తీసుకెళ్లాలి, ఇంటికొచ్చాక ఏం సాయం చేయాలి: ఇవీ అంశాలు. మీ జోడీ శనివారం ఉదయం వెళ్దామంది. మీకు ఆదివారం కావాలి. ‘నైన్, ఆదివారం’ అంటే మొరటే. ముందు ఆమె మాటలోంచి ఒక్క ముక్క అందుకోండి: ‘శనివారం బాగానే ఉంటుంది, కానీ ఉదయం నాకు డ్యూటీ ఉంది’. వెంటనే మీ సూచన: ‘వీ వేరె ఎస్ మిట్ జోన్‌టాగ్?’ (ఆదివారమైతే ఎలా ఉంటుంది?) కారణమూ ప్రత్యామ్నాయమూ రెండూ ఉంటే కాదన్నట్టే అనిపించదు. ‘ఇష్ వ్యూర్డె లీబర్’ (నాకైతే ఇంకోటి నయం) కూడా ఇక్కడ బాగా పనికొస్తుంది. ‘డూ ముస్ట్’ (నువ్వు చేయాల్సిందే) మాత్రం వద్దు. ప్రణాళిక వేస్తున్నారు, ఆజ్ఞలు ఇవ్వడం లేదు.

ఇప్పుడామె ‘ఆదివారం మా అమ్మ వస్తుంది’ అందనుకోండి. అక్కడే అసలు నిర్ణయం పుడుతుంది: శనివారమే, కానీ మధ్యాహ్నం మూడింటికి. ఇద్దరి మాటా కొంత నెగ్గింది. ఇలాంటి భేదాభిప్రాయం నాలుగు అంశాల్లో రెండింటికి చాలు. బస్సా, రైలా అన్నదానికి ‘ఐన్‌ఫెర్‌స్టాండెన్’ (ఒప్పుకున్నాను) అని ముందుకు సాగండి. అన్నిటికీ పట్టుబడితే చివరి అంశానికి సమయమే మిగలదు.

జోడీ మౌనంగా ఉంటే చాలామంది ప్రతి వాక్యం చివరా ‘వాస్ మైన్‌స్ట్ డూ?’ (నువ్వేమంటావు?) అని తగిలిస్తారు. నాకు అది పెద్దగా పనిచేసినట్టు కనబడలేదు. బెదిరినవారికి అంత విశాలమైన ప్రశ్నకు జవాబు తోచదు, ‘యా, గూట్’ అనేస్తారు. ఎంచుకునే వీలున్న చిన్న ప్రశ్న వేయండి: ‘పూలు తీసుకెళ్దామా, పుస్తకమా?’ వచ్చిన జవాబు ఒక్క పదమైనా దాన్ని పట్టుకుని ‘ఏ పుస్తకం? అతనికి ఏవి ఇష్టం?’ అని అడగండి. ప్రశ్న వేశాక రెండు మూడు క్షణాలు ఆగాలి. మన దగ్గర చురుకైనవాళ్లు చేసేదేమిటంటే, ప్రశ్న వేసి తామే జవాబు కూడా చెప్పేస్తారు! మార్కులు ఎవరివి వారికే కాబట్టి జోడీ తప్పులు మీ ఖాతాలోకి రావు. ఆమె తప్పులు దిద్దకండి.

ఎదుటివారు ఆపకుండా మాట్లాడేవారైతే, ఊపిరి తీసుకునే చోట ‘ఎన్‌ట్‌షుల్‌డిగుంగ్, దాఫోర్ నోహ్ ఐనె ఫ్రాగె’ (క్షమించు, దానికి ముందు ఒక ప్రశ్న) అని అడ్డుపడండి. అడ్డుపడ్డాక ఆమె అన్నదానిపైనే ప్రశ్న వేస్తే లాక్కున్నట్టు ఉండదు.

చివర్లో ‘ఆల్జో’ (అయితే) అని మొదలుపెట్టి నిర్ణయాలు వరసగా చెప్పండి: శనివారం మూడింటికి, బస్సులో, పుస్తకంతో. ఏదైనా అంశం వదిలేశారేమో అప్పుడే బయటపడుతుంది. ఒకసారి మా సాధనలో అలా చెబుతుండగానే ‘ఇంటికొచ్చాక సాయం’ మాట ఎవరూ ఎత్తలేదని తెలిసింది. ‘నువ్వు వంట, నేను సామాన్లు’ అని వాళ్లు అరనిమిషంలో తేల్చేశారు.