స్పృహ తప్పలేదు, స్కాన్ నార్మల్: మరి ఆడించవచ్చా?

ప్రశ్న: నేను వ్యాయామ ఉపాధ్యాయుడిని. మొన్న ఫుట్‌బాల్ ఆటలో పదమూడేళ్ల విద్యార్థి తల మరొకరి తలకు బలంగా తగిలింది. స్పృహ తప్పలేదు కానీ కాసేపు అయోమయంగా ఉన్నాడు. స్కాన్ నార్మల్ అన్నారు. తలనొప్పి ఇంకా ఉంది. పది రోజుల్లో మ్యాచ్ ఉంది, ఆడించవచ్చా?

జవాబు: ఆ మ్యాచ్‌లో ఆడించకండి. దెబ్బ తగిలాక అయోమయం, ఆపైన తగ్గని తలనొప్పి ఉన్నాయంటే కంకషన్‌గానే, అంటే తల కుదుపుతో మెదడు పనితీరు తాత్కాలికంగా దెబ్బతినడంగానే భావించాలి. కంకషన్ అయినవారిలో ఎక్కువమంది అసలు స్పృహ కోల్పోరు. సీటీ స్కాన్ మెదడులో రక్తస్రావం, పుర్రె ఎముక విరగడం వంటివి లేవని చెబుతుందే తప్ప, మెదడు కణాల పనితీరులో వచ్చే తాత్కాలిక మార్పును చూపలేదు.

ఇకపై మైదానంలో అనుమానం వస్తే, పిల్లవాడు బాగానే ఉన్నానన్నా సరే, వెంటనే ఆట ఆపించి ఆ రోజుకు మళ్లీ దించకండి. పేరు, తేదీ అడిగితే చాలామంది సరిగ్గానే చెబుతారు. చివరి గోల్ ఎవరు చేశారు, ఇది మొదటి సగమా రెండోదా అని అడిగితే తడబాటు బయటపడుతుంది. అయితే సరిగ్గా చెప్పినంత మాత్రాన అనుమానం తీరినట్లు కాదు. మెడనొప్పి, పదేపదే వాంతులు, ఫిట్స్, అంతకంతకూ పెరిగే తలనొప్పి, రెండుగా కనిపించడం, చేతులు కాళ్లలో తిమ్మిరి లేదా బలహీనత, మగత పెరగడం, వీటిలో ఏది కనిపించినా అత్యవసర విభాగానికి పంపాలి. మెడకు దెబ్బ తగిలిందనిపిస్తే మాత్రం అంబులెన్స్ వచ్చేవరకు కదిలించవద్దు. మీ విద్యార్థిలో ఇప్పుడు వీటిలో ఏది మొదలైనా, స్కాన్ బాగుందని ఆగకుండా మళ్లీ చూపించండి.

మొదటి 24 నుంచి 48 గంటలు విశ్రాంతి, ఫోన్ వాడకం తగ్గించడం అవసరమే కానీ, చీకటి గదిలో రోజుల తరబడి పడుకోబెట్టనక్కర్లేదు. ఇంట్లో తిరగడం, చిన్నపాటి నడక మేలే చేస్తాయి. తరగతులకు పూర్తిగా అలవాటు పడ్డాకే ఆట గురించి ఆలోచించాలి. తరువాత తేలికపాటి సైక్లింగ్, ఆపై ఒంటరిగా పరుగు, బంతితో సాధన, ఆ తరువాత ఢీకొనే అవకాశం లేని జట్టు సాధన, వైద్యుడు అనుమతించాక పూర్తిస్థాయి సాధన, చివరికి మ్యాచ్. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు కేటాయించండి. తేలికపాటి వ్యాయామంలో తలనొప్పి కొద్దిగా పెరిగి గంటలోపు తగ్గితే ఫరవాలేదు. అంతకు మించితే ఆ రోజుకు ఆపి, మర్నాడు తక్కువ శ్రమతో ప్రయత్నించాలి. జట్టు సాధన మొదలయ్యాక లక్షణాలు తిరిగి వస్తే మాత్రం వెనుకటి మెట్టుకు దిగాలి.

బ్రిటన్‌లో 2023లో వచ్చిన పాఠశాల, ఔత్సాహిక క్రీడల మార్గదర్శకాలు మరో రెండు గడువులు పెట్టాయి: విశ్రాంతిలో ఏ లక్షణమూ లేకుండా 14 రోజులు గడిచాకే ఢీకొనే సాధన, దెబ్బ తగిలిన 21 రోజులకు ముందు పోటీ లేదు. పిల్లలకు నేను దీన్నే పాటిస్తాను. మీ విద్యార్థి తలనొప్పి ఏడో రోజుతో పూర్తిగా పోయిందనుకుంటే, ఢీకొనే సాధన ఇరవై రెండో రోజున మొదలవుతుంది, మ్యాచ్ ఆ తరువాతే. ఆడాలనే ఆశతో పిల్లలు తలనొప్పి దాస్తారు కాబట్టి, నిద్ర, చిరాకు, చదువులో ఏకాగ్రత ఎలా ఉన్నాయో తల్లిదండ్రులను, తరగతి ఉపాధ్యాయులను కూడా అడగండి. నాలుగు వారాలు దాటినా లక్షణాలు తగ్గకపోతే న్యూరాలజిస్టుకు చూపించాలి.