మూడో ప్రశ్న సంచిలోనే ఉంది

తమ్ముడూ,

యూట్యూబ్ షార్ట్ కోసం దారినపోయేవాళ్ళని ఆపి అడుగుతానని నువ్వు పంపిన మూడు ప్రశ్నలూ చదివాను. ప్రేమంటే ఏమిటి, జీవితంలో మీకు ముఖ్యమైనదేది, ఈ తరం పిల్లల గురించి ఏమనుకుంటున్నారు. వీటిని పట్టుకుని విశాఖపట్నం ఎంవీపీ కాలనీ రైతుబజారు ముందు నిలబడితే జవాబులు వస్తాయి గానీ అన్నీ ఒకేలా వస్తాయి. ప్రశ్న పెద్దదైతే మనిషి మైకు ముందు సర్దుకుని నిలబడి ఉపన్యాసం మొదలుపెడతాడు. "ప్రతి ఒక్కరూ..." అని ఎత్తుకున్నాడంటే ఆ జవాబు మనకు పనికిరానట్టే. అప్పటిదాకా నీ మొహం చూసి మాట్లాడినవాడు లెన్స్ వైపు చూడటం మొదలుపెడతాడు. ఆ చూపు మారడాన్ని నువ్వు అక్కడే కనిపెట్టాలి.

పెద్ద ప్రశ్న ఎక్కడా పనిచెయ్యదని కాదు. 1960 వేసవిలో జాఁ రూష్, ఎడ్గార్ మొరాఁ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు ఒక సినిమా కోసం పారిస్ వీధుల్లో పోయేవాళ్ళని ఆపించి "మీరు సంతోషంగా ఉన్నారా?" అని అడిగించారు. కొందరు ఒక్క మాట అనేసి వెళ్ళిపోయారు, కొందరు ఆగి కష్టసుఖాలు చెప్పుకున్నారు. వాళ్ళు తీసింది గంటన్నర సినిమా కాబట్టి తోసిపుచ్చినవాళ్ళకీ అందులో చోటుంది. యూట్యూబ్ 2024 అక్టోబరు నుంచి షార్ట్‌కి మూడు నిమిషాల దాకా ఇస్తోంది కదా అని నువ్వు రాశావు. ఇవ్వనీ. నీది మాత్రం ఒక నిమిషంలో ముగించు. ఒక నిమిషంలో మనిషి మనసు విప్పాలంటే ప్రశ్న అతని చేతిలో ఉన్న వస్తువు గురించే ఉండాలి.

రైతుబజారు నుంచి బయటికొచ్చే ప్రతివాళ్ళ చేతిలోనూ ఒక సంచి ఉంటుంది. నీ ప్రశ్నలు దాన్లోంచే తీద్దాం.

మొదటిది: "ఇవాళ మీ ఇంట్లో ఏం కూరండీ?" దీనికి ఆలోచించనక్కర్లేదు, సిగ్గుపడనక్కర్లేదు. "ఆనపకాయ" అని ఒక్క మాటలో తేలిపోతుంది. ఆ ఒక్క మాటతో గొంతు విచ్చుకుంటుంది, మైకు ఉందన్న బెరుకు సగం పోతుంది. ఈ జవాబులు నీ షార్ట్‌లో ఒక్కొక్కటీ సెకను మించి ఉండవు. అయినా ఈ ప్రశ్న అడక్కుండా రెండోదానికి పోకు.

రెండోది: "బాగోకపోయినా బాగుందని చెప్పి తినేసిన కూర ఈ మధ్య ఏదైనా ఉందాండీ?" నవ్వు ఇక్కడ పుడుతుంది. "మీ ఇంట్లో వంట బాగుంటుందా?" అని అడిగితే "బాగుంటుంది" అని వెళ్ళిపోతారు. "ఈ మధ్య" అనేసరికి ఫలానా రోజు, ఫలానా కూర గుర్తొస్తాయి. భార్యాభర్తలు కలిసి వస్తే ఈ ప్రశ్న ముందు భర్తని అడిగి, కెమెరా భార్య మొహం మీద ఉంచు.

మూడోది: "ఈ సంచిలో మీకిష్టమని కొనుక్కున్నదేమిటండీ?"

ఈ మూడోదాని కోసమే మొదటి రెండూ. మొన్న ఒక కుర్రాడు ఇవే అడుగుతుంటే ఒక పెద్దాయన దగ్గర చూశాను. మొదటి ప్రశ్నకి దొండకాయ అన్నాడు. రెండోదానికి "నిన్నటి దొండకాయే" అని ఆయనే పకపకా నవ్వాడు. మూడోది అడగ్గానే నవ్వుతూనే సంచిలోకి చూశాడు. తోటకూర కట్ట పక్కకి జరిపి చూశాడు, కింద ఉన్న బెండకాయలు కదిపి చూశాడు. "ఇవి మనవడికి. ఇది ఆవిడకి." కొంచెం ఆగి, "నాకా... పచ్చిమిరపకాయలు అనుకోండి" అన్నాడు. వెతుకుతున్నంతసేపూ అడిగిన కుర్రాడు నోరు మెదపలేదు. "ఏం లేవా అంకుల్?" అని మధ్యలో దూరి ఉంటే ఆ పచ్చిమిరపకాయల మాట వచ్చేది కాదు. మూడో ప్రశ్న అడిగాక నోట్లో నాలుగు దాకా లెక్కపెట్టుకో. నీకు అది చాలా పొడుగ్గా అనిపిస్తుంది, చూసేవాళ్ళకి అనిపించదు.

అడిగేటప్పుడు ఎక్కువగా చెడేది ఒక చోట. ఎదుటివాళ్ళు తడబడితే సాయం చేద్దామని "అంటే బీరకాయో, కాకరకాయో..." అని అందిస్తాం. ఆ ఉదాహరణే వాళ్ళ జవాబై కూర్చుంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి చూసుకుంటే పదిమందిలో ఆరుగురు కాకరకాయే అని ఉంటారు. ఉదాహరణ ఇవ్వకు, అదే ప్రశ్నని ఇంకొంచెం నెమ్మదిగా మళ్ళీ అడుగు. వాళ్ళకంటే ముందు నువ్వు నవ్వినా ఇదే జరుగుతుంది, నీ నవ్వుకి తగ్గట్టు మాట్లాడతారు. గుంపుగా వచ్చిన కాలేజీ పిల్లలు పక్కవాడిని నవ్వించడానికే చెబుతారు. వాళ్ళని రెండో ప్రశ్నతో ఆపెయ్. మూడోది ఒంటరిగా ఉన్న మనిషిని అడగాల్సింది.

గేటు లోపల తియ్యాలంటే ఎస్టేట్ ఆఫీసర్ అనుమతి కావాలి. బయటే నిలబడు, కొన్నాక బయటికొచ్చేవాళ్ళే కదా నీకు కావలసింది. పొద్దున్న ఎండ ముదరకముందే వెళ్ళు. గోడ మాట్లాడేవాళ్ళ వెనక ఉండేలా నిలబెట్టి మైకుని వాళ్ళ వైపు తిప్పితే అమ్మేవాళ్ళ కేకలు తగ్గుతాయి. సముద్రపు గాలి ఉన్న ఊరు, మైకుకి బొచ్చు తొడుగు లేకుండా బయల్దేరకు. మైకు గడ్డానికి జానెడు కింద ఉంటే చాలు.

ఎడిటింగ్ గురించి నువ్వు రాసినదాంట్లో ఒకటి మార్చాలి. ఒక్కొక్కరివీ మూడు జవాబులు వరసగా పెడతానన్నావు. అలా పెడితే రెండో మనిషి దగ్గరికొచ్చేసరికి ప్రశ్నలు తెలిసిపోయి చూసేవాళ్ళు జారుకుంటారు. ప్రశ్నల వారీగా కట్టు. ఐదారుగురి కూరలు టకటకా, ఆ తర్వాత నవ్వు తెప్పించే ముగ్గురు, చివర మూడో ప్రశ్నకి ఒక్కరు, మహా అయితే ఇద్దరు. ఆ చివరి మనిషి మొదటి రెండింట్లోనూ కనిపించి ఉండాలి, అప్పుడే ఆయన సంచిలోకి చూసేసరికి మనకి తెలిసిన మనిషవుతాడు. మొత్తం నిమిషంలో ఇరవై సెకన్లు ఆ చివరి జవాబుకే వదిలెయ్. అక్కడ సంగీతం వెయ్యకు, మౌనాన్ని కత్తిరించకు. కింద వేసే అక్షరాల్లో వాళ్ళ యాసని దిద్దకు. శ్రీకాకుళం మనిషి ఎలా అన్నాడో అలాగే పడాలి. తెర అట్టడుగున టైటిలూ, కుడి పక్కన బటన్లూ కప్పేస్తాయి కాబట్టి అక్షరాలు వాటి కిందకి పోకుండా కొంచెం పైకి, ఎడమకి జరిపి వెయ్యి.

ఇంకో మాట. అనుమతి రెండుసార్లు అడగాలి. మాట్లాడే ముందు ఒకసారి, మాట్లాడాక ఫోన్‌లో వాళ్ళ ముక్క చూపించి మరోసారి. ముందు "సరే" అన్నప్పుడు తాము ఏం చెప్పబోతున్నారో వాళ్ళకీ తెలియదు. రెండో ప్రశ్నకి అత్తగారి సాంబారు గురించి చెప్పేసిన కోడలు ఇంటికెళ్ళాక భయపడుతుంది. వద్దంటే అది ఎంత బాగా వచ్చినా అక్కడే, వాళ్ళ కళ్ళముందే తీసెయ్. పిల్లల్ని అడగాలంటే వాళ్ళ పెద్దవాళ్ళు పక్కన ఉండాలి, వాళ్ళు ఒప్పుకోవాలి.

వచ్చే ఆదివారం ఇరవైమందిని అడుగు. గుంపుగా వచ్చినవాళ్ళకి తప్ప అందరికీ మూడు ప్రశ్నలూ, ఇదే వరసలో, ఇవే మాటల్లో. కట్ చెయ్యకముందు మూడో ప్రశ్న జవాబులన్నీ ఉన్నవున్నట్టు నాకు పంపు. అందులో ఎవరిది ఉంచాలో కలిసి చూద్దాం.

ఉంటాను,
అన్నయ్య