నాజిల్ మార్చాక హీటర్ బ్లాక్ చుట్టూ ప్లాస్టిక్ కారుతోంది

ప్రశ్న: నా 3డీ ప్రింటర్‌లోని వీ6 రకం ఆల్ మెటల్ హాట్ ఎండ్‌కు కొత్త ఇత్తడి నాజిల్‌ను వేడి మీదే బిగించాను. రెండు ప్రింట్లకే బ్లాక్ చుట్టూ పీఎల్ఏ కారి గడ్డకట్టింది. ఇంకా గట్టిగా బిగించాలా?

జవాబు: ఇంకా బిగించే ముందు, నాజిల్ తలకూ బ్లాక్ అడుగుకూ మధ్య సన్నని సందు ఉందో లేదో చూడండి. నా ప్రింటర్‌లోనూ ఇదే జరిగినప్పుడు నేను బలమంతా పెట్టి బిగించాను, అయినా కారడం ఆగలేదు. నాజిల్ తల బ్లాక్‌కు ఆనిపోవడం వల్ల, దాని పై అంచు, పైనుంచి బ్లాక్‌లోకి దిగే సన్నని ఉక్కు గొట్టమైన హీట్ బ్రేక్‌ను తాకనే లేదని విప్పి చూశాకే తెలిసింది. ప్లాస్టిక్‌ను ఆపేది బ్లాక్ కాదు, నాజిల్, హీట్ బ్రేక్ అంచులు ఒత్తుకునే చోటు. అక్కడ ఖాళీ ఉంటే కరిగిన ప్లాస్టిక్ మరల గుండా పైకో కిందికో దారి చూసుకుంటుంది.

ముందుగా వేడి చేసి ఫిలమెంట్‌ను బయటకు లాగండి, నాజిల్‌ను పైకెత్తి చేతికి చోటు చేసుకోండి, బ్లాక్‌కు తొడిగే సిలికాన్ సాక్‌ను తీసేయండి. చల్లగా విప్పబోతే గడ్డకట్టిన ప్లాస్టిక్ మరలను పట్టేస్తుంది. బ్లాక్‌ను ఒక స్పానర్‌తో కదలకుండా పట్టుకుని, మరొకదానితో నాజిల్‌ను తిప్పండి. లేకపోతే ఆ మెలి అంతా సన్నని హీట్ బ్రేక్ మెడ మీద పడి అది విరుగుతుంది. స్పానర్ హీటర్ తీగలకుగానీ థర్మిస్టర్ తీగలకుగానీ తగలకూడదు, ఎందుకంటే అవి షార్ట్ అయితే బోర్డు కాలిపోవచ్చు.

తరువాత అంతా చల్లారనిచ్చి, విద్యుత్తు ఆపి, హీట్ బ్రేక్‌ను కాస్త వెనక్కి విప్పండి. కొత్త నాజిల్‌ను బ్లాక్‌కు ఆనేదాకా ఎక్కించి, అర చుట్టు వెనక్కి తిప్పండి. మర చుట్టుకు 1 మి.మీ. చొప్పున కదులుతుంది కనుక సందు 0.5 మి.మీ. అవుతుంది. ఇప్పుడు హీట్ బ్రేక్‌ను పైనుంచి నాజిల్‌కు తగిలేదాకా దించండి.

చివరి బిగింపు మాత్రం వేడి మీదే జరగాలి. అల్యూమినియం బ్లాక్ ఇత్తడి నాజిల్ కంటే, ఉక్కు హీట్ బ్రేక్ కంటే ఎక్కువగా వ్యాకోచిస్తుంది కాబట్టి, చల్లగా బిగించిన అతుకు వేడెక్కగానే వదులవుతుంది. ఈ రకానికి 285 డిగ్రీలు పెట్టి, కొన్ని నిమిషాలు ఆగి బిగించండి.

```
M109 S285
```

పీటీఎఫ్ఈ ప్లాస్టిక్ గొట్టం నాజిల్ దాకా దిగే హాట్ ఎండ్‌లో మాత్రం 240 డిగ్రీలు దాటవద్దు, ఆ గొట్టం పాడవుతుంది. వీ6కు కావలసిన బిగువు సుమారు 3 న్యూటన్ మీటర్లు, అంటే 10 సెం.మీ. స్పానర్ చివర 3 కిలోల బరువు వేలాడదీసినంత. నేను మొదట పెట్టిన బలం దీనికి రెట్టింపు ఉంటుంది; మెత్తని ఇత్తడి మర తెగకపోవడం నా అదృష్టం.

బ్లాక్‌ను ఇత్తడి బ్రష్‌తో శుభ్రం చేసి, చల్లారాక సాక్ తొడగకుండానే ఒక గంట ప్రింట్ వేయండి. నాజిల్ తల పక్కనుంచి గానీ, బ్లాక్ పైన హీట్ బ్రేక్ మొదట్లో గానీ కొత్త ప్లాస్టిక్ కనిపిస్తే అతుకు ఇంకా కుదరలేదని అర్థం. అప్పుడు బిగువు పెంచకుండా సందునే మళ్లీ కొలవండి.