ఒప్పుకున్న ఆఫర్ వద్దని రిక్రూటర్‌కి రాసే మెయిల్

"ఒక ఆఫర్‌కి ఓకే చెప్పి నోటీసులో ఉన్నాను. ఇప్పుడు ఇంకో మంచి ఆఫర్ వచ్చింది. మొదటి రిక్రూటర్‌కి నొప్పించకుండా ఎలా రాయాలి?"

రెండో కంపెనీ ఆఫర్ లెటర్ చేతికొచ్చిందా? వస్తే ఈరోజే రాసేయండి. ఫోన్లో మాట ఇచ్చారంతే అంటే మాత్రం లెటర్ వచ్చేదాకా ఆగండి.

నాది 90 రోజుల నోటీసు. ఇంకా 18 రోజులుందనగా నాకు నచ్చిన పని ఉన్న ఆఫర్ వచ్చింది. మొదటిది ఇప్పించినావిడ ఒక కన్సల్టెన్సీలో చేసేవారు. వారం వారం ఫోన్ చేసి "లాస్ట్ వర్కింగ్ డే మారలేదు కదండీ?" అని అడిగేవారు. ఏం చెప్పాలో తోచక నాలుగు రోజులు ఆవిడ ఫోన్ ఎత్తలేదు. ఐదో రోజు నేనే చేసి చెప్పాను. కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత, "సోమవారం చెప్పుంటే బావుండేదండీ. మీ తర్వాత వరసలో ఉన్నతను నిన్ననే వేరేచోట ఓకే చెప్పేశాడు" అన్నారు. కన్సల్టెన్సీకి మనం చేరితేనే డబ్బులొస్తాయి. నా నాలుగు రోజుల మొహమాటానికి ఆవిడ రెండు నెలల పని పోయింది. అది నాకిప్పటికీ బాధే.

అసలు ఈ తలనొప్పంతా 90 రోజుల నోటీసు వల్లే. మూడు నెలలు ఖాళీగా కూర్చోబెడితే ఎవరికైనా ఇంకో ఆఫర్ రాకుండా ఉంటుందా? నెల రోజులే ఉంటే సగం మంది మాట తప్పరని నా గట్టి నమ్మకం.

ముందు ఫోన్ చేసి చెప్పండి, వెంటనే మెయిల్ పెట్టండి. కొత్త మెయిల్ వద్దు, ఆఫర్ లెటర్ వచ్చిన మెయిల్‌కే రిప్లై ఇవ్వండి. వాళ్ళకి వెతుక్కునే పని ఉండదు. నేను రాసిన దాని సారం ఇది:

"నమస్తే అండీ. ఫలానా తేదీన నేను ఒప్పుకున్న ఆఫర్‌లో చేరలేకపోతున్నాను. నేను చేయాలనుకుంటున్న పనికి దగ్గరగా ఉన్న వేరే ఉద్యోగం ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక వెనక్కి తగ్గుతున్నందుకు, ఆలస్యంగా చెబుతున్నందుకు క్షమించండి. ఇంటర్వ్యూల నుంచి మీరు పడ్డ శ్రమకి కృతజ్ఞతలు. నా స్థానంలో వేరేవాళ్ళని చూసుకోగలరు."

అంతే. "చేరలేకపోతున్నాను" అన్నది మొదటి రెండు వాక్యాల్లోనే రావాలి. "ఆలోచిస్తున్నాను", "కష్టంగా ఉంది" లాంటివి రాస్తే ఇంకా ఆశ ఉందనుకుని మేనేజర్‌తో మాట్లాడిస్తారు. కొత్త కంపెనీ పేరు, జీతం రాయకండి. అంకె కనబడగానే "మేమూ అంతే ఇస్తాం" అని బేరం మొదలవుతుంది. ఇంట్లో బాలేదని అబద్ధం అసలొద్దు, నెల తిరక్కుండా లింక్డిన్‌లో మీ కొత్త ఉద్యోగం వాళ్ళకి కనబడుతుంది.

జాయినింగ్ బోనస్ గానీ, లాప్‌టాప్ గానీ ముందే అందితే ఎలా తిరిగిస్తారో అదే మెయిల్‌లో ఒక వాక్యం కలపండి. మెయిల్ పంపేముందు మొదటి ఆఫర్ లెటర్‌లో చేరకపోతే ఏమిటన్న షరతు ఉందేమో కూడా ఒకసారి చదువుకోండి.