ఎక్కడ కలిసిందో చెప్పని ఆటలో మాటను పట్టుకోవడం

"నాలుగు అక్షరాల తెలుగు మాట ఒకటి అవతలివాళ్లు మనసులో అనుకుంటారు. మనం ఒక మాట చెబితే అందులో ఎన్ని అక్షరాలు కలిశాయో అంకె మాత్రమే చెబుతారు, ఎక్కడ కలిశాయో చెప్పరు. పదిహేను మాటలు చెప్పినా నాకు దొరకడం లేదు. దీనికి పద్ధతి ఏమైనా ఉందా?"

ఉందండీ. ప్రతిసారీ పూర్తిగా కొత్త మాట చెప్పడం మానేయండి. ముందు చెప్పిన మాటలో ఒక్క అక్షరం మాత్రం మారేలా తర్వాతి మాట ఎంచుకోండి. అప్పుడు మీకు పనికొచ్చేది వచ్చిన అంకె కాదు, ముందు అంకెకూ ఇప్పటి అంకెకూ మధ్య తేడా.

మా ఇంట్లో ఈ ఆట చాలా ఏళ్లుగా నడుస్తోంది. ఇంగ్లీషులో అయిదక్షరాల మాటలతో ఆడే జాటో ఇదే పద్ధతి, 1955లో అమెరికాలో వచ్చింది. తెలుగులో గుణింతాలు కూడా కలవాలంటే ఆట ముందుకు సాగదు కాబట్టి మేం హల్లులు మాత్రమే లెక్కపెడతాం. కా, కి, కూ అన్నీ క కిందే లెక్క. ఒత్తు, నిండుసున్న ఉన్న మాటలు, అచ్చుతో మొదలయ్యే మాటలు, ఒకే హల్లు రెండుసార్లు వచ్చేవి మాకు చెల్లవు. మీరు వాటిని ఒప్పుకుంటే, ఒక అక్షరం రెండు మాటల్లోనూ ఎన్నిసార్లు ఉందో అంతవరకే లెక్కపెట్టండి. దాచింది పాలకూర అయితే, కరకర చెప్పినందుకు క ఒకటి, ర ఒకటి, మొత్తం రెండే.

పోయిన ఎండాకాలం మా అక్క కూతురితో దేవరకొండ నుంచి హైదరాబాదు బస్సులో వస్తూ ఆడిన ఆట చెబుతాను. మాట దాచింది తను. నేను టికెట్ వెనకాల రాసుకుంటూ కూర్చున్నాను.

మొదట కొడవలి అన్నాను. హల్లులు క, డ, వ, ల. "ఒకటి" అంది. నాలుగింటిలో ఏదో ఒకటి ఉంది. ఇక్కడే చాలామంది తొందరపడి దీనితో సంబంధం లేని ఇంకో మాటకు దూకుతారు. నేను పిడికిలి అన్నాను. ప, డ, క, ల. అంటే వ పోయి ప వచ్చింది, మిగతా మూడూ అవే. "రెండు" అంది. అంకె ఒకటి పెరిగింది. మారింది ఒక్క అక్షరమే కాబట్టి, పెరగడానికి ఒకే దారి ఉంది: ప ఉంది, వ లేదు. రెండు అక్షరాల సంగతి ఒక్క మాటతో ఖాయమైంది.

తర్వాత పాలకూర. ప, ల, క, ర. ఈసారి డ తీసి ర పెట్టినట్టు. "మూడు" అంది. మళ్లీ ఒకటి పెరిగింది. ర ఉంది, డ లేదు. ఇప్పుడు వెనక్కి వెళ్లి కొడవలిని మళ్లీ చూడండి. అందులో వ, డ రెండూ పోయాయి, అయినా ఒకటి కలిసింది. కాబట్టి క, ల రెండింటిలో సరిగ్గా ఒక్కటే ఉంది. నాలుగో అక్షరం నేను ఇంతవరకూ చెప్పని కొత్తది. పాత మాటలను ఇలా మళ్లీ చదవడం చాలా ముఖ్యం. కొత్త సంగతి తెలిసిన ప్రతిసారీ పైన రాసుకున్న అంకెలకు అర్థం మారుతుంది.

అంకె పెరక్కుండా తరక్కుండా ఉంటే? అదీ సమాచారమే, కాకపోతే ముడిపడి ఉంటుంది. పిడికిలికి కూడా "ఒకటి" వచ్చి ఉంటే ప, వ రెండూ ఉండాలి, లేదా రెండూ ఉండకూడదు. అప్పుడు ఆ రెండింటినీ గీత గీసి కలిపి పెట్టుకోవాలి. తర్వాత ఒకదాని సంగతి తేలితే రెండోది దానంతటదే తేలుతుంది. ఇక "సున్నా" వచ్చిందంటే అసలు నిరాశపడొద్దు. నాలుగు అక్షరాలు ఒక్క దెబ్బకు కొట్టేయొచ్చు. పైగా ఆ కొట్టేసినవే తర్వాత బాగా పనికొస్తాయి.

ఎలాగంటే, నాలుగోసారి నేను పడమర అన్నాను. ప, ర ఉన్నాయని తెలుసు, డ లేదని తెలుసు. తెలియనిది మ ఒక్కటే. రెండు వస్తే మ లేదు, మూడు వస్తే ఉంది. వేరే అర్థం వచ్చే వీలే లేదు. సంగతి తెలిసిన మూడు అక్షరాల మధ్య తెలియని దాన్ని ఒక్కదాన్నే పెట్టి అడగడం ఈ ఆటలో అన్నిటికన్నా నమ్మకమైన ఎత్తు. "మూడు" అంది.

ప, ర, మ ఖాయం. మిగిలింది క లేదా ల. క అయితే కాపురము అవుతుంది. ల అయితే పాలమూరు! దారిలో మాల్ అనే ఊరు దాటుతున్నాం అప్పటికి. ఊరి పేరు కూడా చెల్లుతుంది మాకు, అందుకని ధైర్యంగా పాలమూరు అన్నాను.

"నాలుగు మామా, గానీ అది కాదు" అంది.

అక్షరాలన్నీ దొరికినా మాట దొరకకపోవడం ఈ ఆటకున్న అసలు చిక్కు. స్థానం చెప్పరు, పైగా మేం గుణింతం వదిలేశాం, కాబట్టి ఆ నాలుగు హల్లులతో ఎన్ని మాటలున్నా అన్నిటికీ "నాలుగు" అనే వస్తుంది. ఇక అంకెలు సాయం చేయవు. నేను చేసిన పొరపాటు ఏంటంటే ప ల మ ర అని ఒకే వరసలో రాసుకున్నాను. అలా రాస్తే కళ్లు పాలమూరునే చదువుతాయి, ఇంకోటి తోచదు. కొత్త టికెట్టు వెనక గుండ్రంగా రాసుకుని, ఒక్కో అక్షరాన్నీ చివర పెట్టి చూశాను. మ చివర, ల చివర ఏమీ రాలేదు. ర చివర పెట్టి రు కాకుండా ఉట్టి ర అనుకునేసరికి తట్టింది, పొలిమేర. హల్లుల వరస కూడా పాలమూరు వరసే, మారింది గుణింతం ఒక్కటే.

ఇంకో మాట. పద్ధతి సరిగ్గా పాటించినా మాట దొరకడం లేదంటే తప్పు లెక్క చెప్పేవాళ్లది అయ్యుండొచ్చు. మా మేనల్లుడు ఒకసారి మునగాకు దాచాడు. నేను తోరణము అంటే "రెండు" అన్నాడు. మ ఒక్కటే కలిసింది, కానీ వాడు ణ ని కూడా న కింద లెక్కపెట్టాడు. తర్వాత ణ తీసి క పెట్టి తామరాకు అన్నాను. "రెండు" అన్నాడు. అంకె మారలేదు కాబట్టి ణ, క రెండూ ఉన్నాయో, రెండూ లేవో అని గీత గీసి కలిపాను. అక్కడి నుంచి ఆట మొత్తం దారి తప్పింది. నిజానికి మొదటిదానికి ఒకటి చెప్పి ఉంటే క ఉందని ఆ క్షణమే తేలిపోయేది. అందుకే న–ణ, ల–ళ, శ–ష–స ఒకటేనా వేరువేరా అన్నది ఆట మొదలవ్వకముందే తేల్చుకోండి.

ఆట మధ్యలో అనుమానం వస్తే ఒక పరీక్ష ఉంది. ఒక్క అక్షరం మారితే అంకె ఒకటికి మించి పెరగదు, తగ్గదు. పాలకూరకు ఒకటి, పాలమూరుకు మూడు చెప్పారంటే రెండింటిలో ఒకటి తప్పే. అక్కడే ఆపి, ఆ రెండు మాటలూ మళ్లీ చెప్పి లెక్కపెట్టమనండి.