భుజం దగ్గర మూడో సూది

లలితా,

నీ స్వెటర్ వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ నాలుగో పేరాలో "భుజం దగ్గర 8 చొప్పున మూడుసార్లు లూపులు మూసేసి, తర్వాత మూడు సూదులతో కలపాలి" అన్నావు. మూసేసిన లూపుల్ని మూడో సూదితో ఎలా అల్లుతావమ్మా? నీ చేత్తో చేసి రాసిన వాక్యం కాదది. చేయకుండా రాసింది నాకు ఇట్టే తెలిసిపోతుంది.

మూడు సూదుల పద్ధతికి లూపులు సూది మీద బతికే ఉండాలి. భుజం వాలు కావాలంటే వాటిని మూయకూడదు. చివర 8 లూపులు అల్లకుండా వదిలి వెనక్కి తిరగాలి, తర్వాతి సారి మరో 8 వదలాలి. ఆఖరున మొత్తం 24 మీద ఒక వరుస అల్లితే వాలు వచ్చేస్తుంది, లూపులూ మిగులుతాయి. ముందు, వెనక ముక్కల మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, రెండు సూదుల మొనలూ ఒకే దిక్కుకి పట్టుకో. మూడో సూదితో ఒక్కో సూది నుంచి ఒక్కో లూపు తీసుకుని రెండూ కలిపి అల్లు. ఇంకో జత అల్లగానే మొదటిదాన్ని రెండోదాని మీదుగా దాటించు. ఒకవైపు 24, ఇంకోవైపు 23 ఉంటే చివర్లో ఒకటి ఒంటరిగా మిగిలిపోతుంది. అందుకే ముందే లెక్కపెట్టుకో.

ఇదంతా నేను డెహ్రాడూన్‌లో, మా ఆయన ఉద్యోగం రోజుల్లో, పక్కింటావిడ దగ్గర నేర్చుకున్నాను. అంత నీటుగా వస్తుంటే ఇక సూదీ దారం ఎందుకనుకున్నాను. ఆ గర్వంతోనే మా వాడికి కాటన్ దారంతో పొడుగు చేతుల స్వెటర్ అల్లాను. రెండు ఉతుకులకే భుజాలు మోచేతుల వైపు జారాయి. కాటన్ బరువు, తడిస్తే మరీ బరువు. ఉన్నిలా తిరిగి ముడుచుకోదు. చేతుల బరువంతా భుజం మీదే వేలాడింది.

దాన్ని విప్పి, రెండు వైపులా విడివిడిగా లూపులు మూసి, అంచులు పక్కపక్కన పెట్టి కుట్టాను. మూసిన అంచు సాగదు. అలాంటివి రెండు, వాటి మధ్య దారం. అప్పుడు నిలబడింది. కాటన్, ఆల్పాకా, జడల డిజైన్‌తో బరువైనవి, వదులుగా జారే భుజాలు, ఇవన్నీ కుట్టాల్సినవే. నువ్వు రాసిన, 8 చొప్పున మూసుకుంటూ పోయే మెట్ల పద్ధతి నిజానికి ఇక్కడికి సరిపోతుంది. మామూలు ఉన్ని, తేలిక స్వెటర్ అయితే మూడు సూదులే హాయి.

ఈ సంగతి ఒకప్పుడు ఒక పత్రికకి రాస్తే, ఎడిటర్‌గారు "పాఠకులకి ఇంత వివరం అక్కర్లేదు" అని కుట్టు భాగం మొత్తం కోసేశారు. ఫొటో మాత్రం అరపేజీ వేశారు. భుజాలు సాగిపోయాయని ఉత్తరాలు నాకొచ్చాయి, ఆయనకి కాదు.

మెడ పట్టీ గురించీ, పారితోషికం గురించీ అడిగావు, తర్వాత చూద్దాం. ముందు 24 లూపుల ముక్కలు రెండు అల్లి, కలిపి, ఉతికి, తడిగానే క్లిప్పులతో వేలాడదీసి చూడు. ఆ నాలుగో పేరా అప్పుడు రాయి.

మీ పిన్ని