జంతువుల ఇళ్ల మీద చిన్నపిల్లల టీమ్ క్విజ్: బొమ్మల క్లూలు, గొడవ రాని రూల్స్

ప్రశ్న: మా కాలనీలో 5 నుంచి 8 ఏళ్ల పిల్లలు 16 మంది ఉన్నారు. జంతువులు, వాటి ఇళ్లు అనే టాపిక్ మీద టీమ్ క్విజ్ పెడదామనుకుంటున్నాం. చిన్నోళ్లకి చదవడం రాదు కాబట్టి బొమ్మలే క్లూలు. పెద్ద పిల్లలే అన్నీ చెప్పేయకుండా, గొడవ రాకుండా రూల్స్ ఎలా పెట్టాలి? చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

జవాబు:

నేను ప్రైమరీ స్కూల్ టీచర్నండి. ఒకటి, రెండు తరగతుల పిల్లలకి ఈ టాపిక్ మీద క్విజ్ ఏటా పెడుతుంటాను, సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ పిల్లలకి కూడా.

ముందు బజర్ మాట మర్చిపోండి, చెయ్యెత్తడం కూడా వద్దు. ఈ వయసులో సగం గొడవలు ఎవరు ముందు ఎత్తారన్న దాని మీదే, పైగా ఎనిమిదేళ్ల పిల్లాడు టకీమని చెప్పేశాడంటే ఐదేళ్ల పాప ఇంక బొమ్మ వైపు చూడను కూడా చూడదు. వంతులవారీగా అడిగి, రాకపోతే పక్క టీమ్‌కి పాస్ అనే పద్ధతి కూడా న్యాయం కాదు, ఎందుకంటే పాస్ అందుకున్న టీమ్‌కి ఆలోచించుకోడానికి టైం ఎక్కువ దొరుకుతుంది, ఒక తప్పు జవాబు ముందే తీసేసినట్టు కూడా అవుతుంది. పిల్లలు దీన్ని ఇట్టే పట్టేస్తారు, వాళ్లకి ఈజీది వచ్చింది మాకు కష్టంది వచ్చింది అని మొదలెడతారు. అందుకే ఒకే బొమ్మ అన్ని టీముల ముందూ ఒకేసారి పెట్టాలి, అందరూ ఒకేసారి జవాబివ్వాలి, అదీ నోటితో కాకుండా కార్డుతో.

ఎలా అంటే, ప్రతి టీమ్‌కీ ఒకేలాంటి ఎనిమిది కార్డులు ఇస్తాను. గిజిగాడు, చెదపురుగు, తేనెటీగ, సాలీడు, పీత, ఎలుక, చిలక, నత్త. కార్డు మీద బొమ్మ ఒక్కటే, పేరు రాయను. ప్రతి టీమ్ ముందూ నేల మీద సుద్దముక్కతో మూడు గుండ్రాలు గీసి, మొదటి దాంట్లో మూడు చుక్కలు, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో ఒకటి పెడతాను. ఒక్కో ప్రశ్నకి మూడు బొమ్మల క్లూలు, ఒకదాని తర్వాత ఒకటి. మొదటి బొమ్మ చూపించి ఇసక గడియారం తిప్పుతాను (అది లేకపోతే అందరితో కలిసి ఇరవై దాకా లెక్కపెట్టండి, వాళ్లకదో సరదా), ఈలోపు టీమ్‌లో గుసగుసగా మాట్లాడుకోవచ్చు, గంట కొట్టగానే కార్డు మూడు చుక్కల గుండ్రంలో బోర్లా పెట్టేయాలి. రెండో బొమ్మ చూశాక మనసు మారితే ఆ కార్డు తీసి వేరేది పెట్టుకోవచ్చు, కాకపోతే అది రెండు చుక్కల గుండ్రంలో పెట్టాలి. మూడో బొమ్మకీ అంతే. చివర్లో అందరూ ఒకేసారి కార్డు తిప్పుతారు, కరెక్ట్ కార్డు ఏ గుండ్రంలో ఉంటే అన్ని మార్కులు. మైనస్ మార్కులు లేవు.

మార్చుకోనివ్వాలని ఎందుకంటున్నానంటే, ఒకసారి పెడితే ఇంక అంతే అనే రూల్ పెడితే మొదటి క్లూకే తప్పు పెట్టిన టీమ్ మిగతా రెండు బొమ్మలూ చూడకుండా పక్కోళ్ల మీద పడి అల్లరి మొదలెడుతుంది. మార్చుకోవచ్చు అంటే ఆఖరి బొమ్మ దాకా అందరి కళ్లూ బొమ్మ మీదే ఉంటాయి. బోర్లా పెట్టడం వల్ల పక్క టీమ్ కార్డు మార్చిందని తెలుస్తుంది గానీ ఏది పెట్టిందో తెలియదు, కాపీ సమస్య కూడా పోతుంది.

టీములు మాత్రం వాళ్లని చేసుకోమనొద్దు. 16 మందిని వయసు ప్రకారం లైన్లో నిలబెట్టండి. పెద్దవాళ్లు నలుగురు వరసగా ఒకటో టీమ్, రెండు, మూడు, నాలుగు. తర్వాత నలుగురు తిరగేసి నాలుగు, మూడు, రెండు, ఒకటి. మళ్లీ ముందు నుంచి, మళ్లీ తిరగేసి. ఇలా చేస్తే పెద్దవాళ్లంతా ఒకే చోట పడరు. కార్డు పెట్టే చెయ్యి ప్రతి ప్రశ్నకీ మారాలి, మొదటి ప్రశ్నకి టీమ్‌లో అందరికన్నా చిన్న పిల్ల, తర్వాత దానికంటే పెద్ద, అలా. మిగతావాళ్లు సలహా చెప్పొచ్చు కానీ కార్డు ముట్టుకోకూడదు, చిన్నపిల్ల చేత్తో ఏది పెట్టిందో అదే టీమ్ జవాబు. ఈ ఒక్క రూల్‌తో పెద్ద పిల్లల తీరే మారిపోతుందండీ, అరిచి చెప్పడం మానేసి "చూడమ్మా, ఆ ఆకు చీలికలు చూడు, అలాంటివి ఏ పిట్ట తెస్తుంది" అని చిన్నదానికి అర్థమయ్యేలా చెప్పడం మొదలెడతారు. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే.

ఇంక బొమ్మల సంగతి. అసలు పనంతా ఇక్కడే ఉంటుంది. గిజిగాడు ప్రశ్న ఒకటి తీసుకుందాం. మొదటి క్లూ, ఇల్లు దేంతో కట్టారో చూపించే బొమ్మ, అంటే సన్నగా పొడుగ్గా చీల్చిన ఈతాకు, వరి ఆకు చీలికలు. దీనికి ఒక్కరో ఇద్దరో తప్ప చెప్పలేరు, అందుకే మూడు మార్కులు. రెండో క్లూ, బావి మీదకి వంగిన తుమ్మకొమ్మకి వేలాడుతున్న ఖాళీ గూళ్లు, కింద గొట్టం లాంటి దారి స్పష్టంగా కనబడాలి. మూడో క్లూ, సగం అల్లిన గూటికి తలకిందులుగా వేలాడుతున్న పిట్ట, తల మాత్రం గూడు చాటున. గూడు అల్లేది మగ గిజిగాడే, సగం అయ్యాక ఆడపిట్ట వచ్చి చూసి నచ్చితేనే ఆ గూడు పూర్తవుతుంది, లేకపోతే అలా సగంలోనే వేలాడుతుంది. కార్డులు తిప్పాక ఈ ముక్క చెప్పండి, పిల్లలు నోరు తెరుచుకుని వింటారు.

ఇక్కడ ఒక చిక్కుంది. తల మీద పసుపు రంగు మగ గిజిగాడికే ఉంటుంది, అదీ వానాకాలం గూళ్లు కట్టే రోజుల్లో. ఆడది చూడ్డానికి అచ్చం ఊరపిచ్చుకలా ఉంటుంది. అందుకే జవాబు కార్డు మీద రెండు పిట్టలూ ఉండాలి, ఆ ఎనిమిది కార్డుల్లో పిచ్చుక ఉండకూడదు.

ప్రతి బొమ్మకీ ఇలాంటి పరీక్ష ఒకటి పెట్టుకోండి. ఎనిమిది కార్డులూ ముందేసుకుని ఒక్కో ప్రశ్న మూడో క్లూ పక్కన ఒక్కో కార్డూ పెట్టి చూడండి, రెండు కార్డులు సరిపోతున్నాయంటే ఆ ప్రశ్న అలా అడగకూడదు. మొదటి క్లూకి రెండు మూడు సరిపోయినా పర్లేదు. వరి గట్టు మీద బొరియ బొమ్మ పెడితే అది పీతదీ కావచ్చు ఎలుకదీ కావచ్చు, మూడు మార్కుల క్లూ అలా ఉంటేనే మజా. రెండో బొమ్మలో బొరియ చుట్టూ తడిమట్టి ఉండలు కనిపించాలి, మూడో దాంట్లో లోపల్నుంచి తొంగి చూసే పీత డెక్క. అప్పుడింక అనుమానం ఉండదు. (మీ దగ్గర పీతని ఎండ్రకాయ అంటారేమో, కార్డు మీద పేరు లేదు కాబట్టి ఎవరి మాట వాళ్లు అనుకోవచ్చు. పశువుల పాక, కొట్టం, దొడ్డి లాంటి మాటల్లోనూ ఇదే గొడవ ఉంటుంది, అందుకే నోటి జవాబులు అసలు పెట్టను.)

పుట్ట ప్రశ్న అన్నిటికన్నా ప్రమాదం. పుట్ట బొమ్మ పెట్టి ఇది ఎవరిల్లు అంటే సగం మంది పాము అంటారు, ఒకరిద్దరు చీమలు అంటారు, చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరినట్టు అనే మాట ఇంట్లో వింటూనే ఉంటారుగా. ఆ పెద్ద మట్టిపుట్టలు కట్టేది చెదపురుగులు, పాములు తర్వాత చేరతాయి. మరి పాము అన్న పిల్లాడిది తప్పా? ఉండేది ఎవరంటే వాడు చెప్పిందీ నిజమే. అందుకే క్విజ్‌ని రెండు రౌండ్లు చేయండి, ఒకటి "కట్టింది ఎవరు", రెండోది "ఉండేది ఎవరు". పుట్ట, తేనెపట్టు, సాలెగూడు, గిజిగాడి గూడు మొదటి రౌండ్లోకి వస్తాయి. చెట్టు తొర్ర రెండో రౌండ్లోకి, ఎందుకంటే చిలక చాలాసార్లు వడ్రంగిపిట్టలాంటివి తొలిచి వదిలేసిన తొర్రలోనే చేరుతుంది. తొర్రలో గుడ్లగూబా ఉంటుంది, గోరింకా ఉంటుంది, కాబట్టి ఆ రెండూ కార్డుల్లో వద్దు. నత్త గుల్ల కూడా రెండో రౌండే.

కుందేలు కార్డు నేను పెట్టను. పుస్తకాల్లో కుందేలు ఇల్లు బొరియ అని ఉంటుంది, పెంచుకునే తెల్ల కుందేళ్ల జాతికి అది నిజమే. మన పొలాల్లో తిరిగే చెవులపిల్లి మాత్రం బొరియ తవ్వదు, గడ్డిలో చిన్న పల్లం చేసుకుని పడుకుంటుంది. ఊళ్లో తాతతో పొలం వెళ్లిన పిల్లాడికి అది తెలుసు, పుస్తకం చదివిన పిల్లకి ఇది తెలుసు, ఇద్దరిలో ఎవరికి మార్కులు ఇవ్వకపోయినా అన్యాయమే. సింహం, గుహ కూడా అంతే. గిర్ అడవిలో సింహాలు ఎక్కువగా చెట్ల నీడన, పొదల్లోనే పడుకుంటాయి.

ఇంత చూసుకున్నా ఎవరో ఒకరు నిజమైన వేరే జవాబు పట్టుకొస్తారు. అప్పుడు తర్వాతి ప్రశ్నకి వెళ్లకముందే తేల్చేయండి, ఆ జవాబు నిజమే అనిపిస్తే ఆ కార్డు పెట్టిన ప్రతి టీమ్‌కీ మార్కులు, అడిగిన టీమ్‌కి మాత్రమే కాదు. ఆట అయ్యాక వెనక్కెళ్లి మార్కులు మార్చడం ఉండదని మొదట్లోనే అందరికీ చెప్పేయండి.

మార్కులకి బోర్డు మీద అంకెలు వేయకండి, చిన్నోళ్లకి అర్థం కావు. ఒకే సైజు గాజు గ్లాసులు నాలుగు, మార్కుకో చింతగింజ. ఎవరు ఎక్కడున్నారో ఐదేళ్ల పిల్లకి కూడా కనబడుతుంది. బొమ్మలు ఏ4 సైజులో అన్నీ ఒకేలా ప్రింట్ తీయించండి, ఫోన్లో చూపిస్తే వెనకున్నవాళ్లకి కనపడదు. అమ్మానాన్నల్ని బొమ్మ పట్టుకున్న మీ వెనక కూర్చోబెట్టండి, వాళ్లకి బొమ్మ వీపే కనిపిస్తుంది కాబట్టి సైగలు చేయడానికి ఉండదు.

రౌండ్‌కి మూడేసి చొప్పున ఆరు ప్రశ్నలు చాలు, దాదాపు ముప్పావుగంట పడుతుంది, అంతకు మించితే చిన్నోళ్లు లేచిపోతారు. టై అయితే పక్కన పెట్టుకున్న ఏడో ప్రశ్న ఆ టీముల మధ్యే వేయండి, అప్పటికీ సమానమైతే ఇద్దరూ గెలిచినట్టే. వానాకాలం అయ్యాక పెడుతున్నట్టయితే రాలి కింద పడిన గిజిగాడి గూడు ఎక్కడైనా దొరుకుతుందేమో చూడండి, ఆట చివర్లో అందరి చేతికీ ఇచ్చి చూపించొచ్చు. చెట్టు మీదున్నది మాత్రం కొయ్యొద్దు.